ఇశ్రాయేలు చెక్కిన ప్రశ్నార్థకాలు

పి.గన్నవరంలో రాతి మీద పేరు పడాలంటే ఇశ్రాయేలు దగ్గరికే వెళ్ళాలి. సమాధి రాళ్ళయినా, ప్రారంభోత్సవం పలకలయినా ఆయన ఉలి కిందకు రావలసిందే. వయసులో ఉన్నప్పుడు ఒకసారి సొంత బుర్ర వాడాడు. ఒక పెద్దమనిషి సమాధి కాగితంలో భార్య అని రెండు పేర్లుంటే, రాసినవాడి పొరపాటనుకుని ఒకటి తీసేశాడు. పొరపాటు కాదు. ఆ రెండో ఆవిడ అన్నదమ్ములు వచ్చి ఆయన రాళ్ళు చెక్కే పాకంతా తలకిందులు చేశారు. అప్పటి నుంచి ఆయనది ఒకటే మాట: కాగితంలో ఉన్నది ఉన్నట్టు. మన వైపు బుర్ర వాడనివాడికే నమ్మకస్తుడని పేరు. ఇశ్రాయేలుకు ఆ పేరు మండలం దాటింది.

కూతురు స్టెల్లా డిగ్రీ చదివి, ఉద్యోగం రాక, పాక పక్కనే ఒక కంప్యూటరు పెట్టింది. ఫోనులోనే ఆర్డరు రాసి పంపేలా ఒక ఫారం తయారు చేయించింది. ఎవరు ఏది రాసినా ఆమె దగ్గర ఒక ఫైలులో పడుతుంది. అందులోది చదివి చూడకుండానే పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి తండ్రికి ఇస్తుంది.

దేవదానం మాస్టారి ఆర్డరు అలాగే వచ్చింది; ఫారంలో తెలుగులో రాసిన మొదటి ఆర్డరు అదే. పోయిన ఏడాది చనిపోయిన భార్య జయమ్మ పేరున ఆయన బస్టాపు దగ్గర మంచినీళ్ళ కుళాయి కట్టించారు. ఆదివారం పాస్టరుగారు ప్రార్థన చేసి తెరుస్తారు. కుళాయి పక్కన నిలబెట్టే నల్లరాయి మాస్టారే ఏరి తెచ్చి ఇచ్చారు. శుక్రవారం సాయంత్రం ఎంతవరకూ వచ్చిందో చూద్దామని వచ్చారు.

రాయి నిండా ప్రశ్నార్థకాలు. వరసగా, లోతుగా, ఎంతో అందంగా. వాటి కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ మాత్రం స్పష్టంగా ఉన్నాయి.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇశ్రాయేలూ, ఇదేంటయ్యా?"

"మీరు పంపిందేనండి."

"నేను జయమ్మ పేరు పంపేనయ్యా. కింద బైబిలు వాక్యం కూడా రాసేను."

"కాగితంలో ఇవే ఉన్నాయండి. ఒక్కటి తగ్గలేదు, ఎక్కువా లేదు. కావాలంటే లెక్కెట్టుకోండి."

"లెక్కెట్టుకోడానికి నేను పేపర్లు దిద్దుతున్నానా? ఇన్ని ప్రశ్నలు చెక్కుతుంటే నీకు ఒక్క ప్రశ్న రాలేదా?"

"పోయిన నెల కువైట్ నుంచొచ్చిన ఆయన రాయి మీద నల్ల గళ్ళ బొమ్మ చెక్కించుకున్నాడండి. దాని ముందు ఫోను ఎడితే ఫొటోలొత్తాయంట. ఇదీ అలాంటిదేమో అనుకున్నానండి. చదువుకున్నోళ్ళ విషయాలు మనకెందుకు?"

స్టెల్లా పరుగున వచ్చి కాగితం చూసి, లోపలికెళ్ళి ఫైలు తెరిచింది. అక్కడా అవే ఉన్నాయి.

"అక్షరాల చోట ఖాళీ గళ్ళు కనబడితే ఫాంటు లేదేమో అనుకోవచ్చండి, అక్షరాలు లోపలే ఉంటాయి. ఇవి నిజం ప్రశ్నార్థకాలే. దాచుకునేటప్పుడు ఈ ఫైలు తెలుగు పట్టలేక, ఒక్కో అక్షరం తీసేసి ప్రశ్నార్థకం పెట్టేసింది. అంకెలు పట్టగలదు కాబట్టి తేదీలు మిగిలేయి."

"అయితే వెనక్కి తీసుకురామ్మా."

"ఇందులోంచి ఆ అక్షరాలు తిరిగి రావండి. మీ ఫోనులో ఉందా?"

ఉంది. ముందు అందులోనే రాసుకుని, ఫారంలో అతికించారట. మాస్టారు సంబరంగా మళ్ళీ ఫారంలోనే అతికించబోయారు. స్టెల్లా ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు మాస్టారండీ, మళ్ళీ అదే అవుద్ది. మీ ఫోను తెర ఫొటో తీసి పంపండి. బొమ్మలో అక్షరం మారదు. ఫారంలో మీ పేరూ, 'ఫొటో చూడండి' అన్న మాటా ఇంగ్లీషు అక్షరాల్లో పెడతాను. వాటినిది పాడు చెయ్యదు."

ఫొటో వచ్చింది. దాన్నే ప్రింటు తీసింది. మాస్టారు గట్టిగా చదివి, కింద సంతకం పెట్టారు. మాస్టారి చేతి సంతకం ఉన్న కాగితం చూడగానే ఇశ్రాయేలు ముఖం వెలిగింది.

"ఇదండీ కాగితమంటే."

"మరి రాయో? రేపొక్క రోజే ఉంది."

"తిప్పేత్తానండి. వెనకవైపు నునుపు చేసి చెక్కుతాను. ముందుది కుళాయి గోడకేసి పెట్టేస్తే ఎవరికీ కనబడదు."

ఆదివారం జయమ్మ పేరు, వాక్యం, తేదీలు అన్నీ సరిగ్గా ఉన్న రాయి బస్టాపుకు వచ్చింది. ఇశ్రాయేలు దాన్ని గోడకు చేర్చి నిలబెట్టబోతుంటే మాస్టారు అడ్డుపడ్డారు.

"గోడకి దూరంగా పెట్టవయ్యా. అటు కూడా కనబడాలి."

"వెనకా? నవ్వుతారండి."

"నవ్వనీ. ఎక్కడికెళ్ళేరు, ఎందుకాలస్యం, ఎవరితో మాట్లాడేరు? నలభయ్యేళ్ళు ఆవిడ నన్ను అడిగింది అవే. అటువైపే ఆవిడ పోలిక ఎక్కువ."

ఇశ్రాయేలు జేబులోంచి పెన్సిలు తీశాడు.

"ఆయ్. అయితే అది కూడా కాగితం మీద రాసి సంతకం పెట్టండి."