డెబ్బై ఎనిమిది సీతాఫలం గింజలు

నాకు ఇరవై రెండేళ్లప్పుడు షాద్‌నగర్‌లో ఒక చిన్న సహకార బ్యాంకులో గుమాస్తాగా పని దొరికింది. బ్యాంకు అనగానే పెద్ద మేడను ఊహించుకోకండి. ఒక గది, ఒక ఇనప్పెట్టె, ఒక మేనేజరు, నేను. నలుగురిలోనూ ఇనప్పెట్టెకే ఎక్కువ మర్యాద. దాని తలుపు మూస్తే స్టేషనులో హమాలీలు బండి వచ్చిందనుకుని తలపాగాలు సర్దుకునేవారని నేను చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. అయినా ముప్పై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను.

అది నిజాం కాలం. చేతిలో హాలీ సిక్కా నాణేలు, లెడ్జరులో ఉర్దూ అంకెలు, వారానికి శుక్రవారం సెలవు. మా ఊరి అంగడి గురువారం. ఈ రెండు రోజులు పక్కపక్కన ఉండటం వల్ల నా కొలువుకు ఎంత ముప్పు వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

గుట్టల మీద సీతాఫలాలు కోసి అంగడికి తెచ్చే ఆడవాళ్లు పన్నెండు మంది ఒక జట్టుగా ఉండేవారు. అంతకు ముందు వాళ్ల గంపలన్నీ ఒక దళారీ చేతిలోకి పోయేవి. కాయ కోయకముందే అతను బయానా ఇచ్చేవాడు, కోశాక సగం ధరకు ఎత్తుకుపోయేవాడు. ఆ జట్టుకు పెద్దయిన అవ్వ వాళ్లందరినీ పోగేసి, పోయినేడాది మిగిలిన నూరు రూపాయలు మా బ్యాంకులో వేయించింది. ఇక మీదట బండి కిరాయి, రైలు కిరాయి తామే కట్టుకుని కాయను పట్నం పంపాలన్నది ఆమె పట్టు. అవ్వకు యాభై ఏళ్లుంటాయి. మనిషి పొట్టి. కానీ ఆమె గడప దాటి లోపలికి వస్తే గది ఇరుకైపోయేది, మా మేనేజరు కుర్చీ రెండంగుళాలు వెనక్కి జరిగేది.

ఖాతా తెరిచిన రోజున ఆమె నన్నొక మాట అడిగింది. తాము వారం వారం వేస్తూ ఉంటారు, తీస్తూ ఉంటారు కదా, మరి వడ్డీ దేని మీద కడతారని. నాకు అప్పుడు చదువు తలకెక్కి ఉంది. ఏ పొద్దుకు ఖాతాలో ఎంత నిలవ ఉందో ఆ పొద్దుకు అంత రాస్తామనీ, మూడు నెలల్లోని తొంభై ఒక్క పొద్దుల నిలవలన్నీ కూడుతామనీ, ఆ మొత్తాన్ని మూడుతో హెచ్చించి ముప్పై ఆరు వేల అయిదు వందలతో భాగిస్తామనీ చెప్పాను. మూడు ఎందుకంటే సాలుకు నూటికి మూడు రూపాయల వడ్డీ. ముప్పై ఆరు వేల అయిదు వందలు ఎందుకంటే నూరును మూడు వందల అరవై అయిదుతో హెచ్చిస్తే వచ్చేది అదే. ఒక్క ముక్కా ఆమెకు ఎక్కలేదు. అప్పుడు మరీ తేలిక చేసి, రోజూ పొద్దుగూకే వేళ ఖాతాలో ఎన్ని పదులుంటే అన్ని సీతాఫలం గింజలు పక్కన వెయ్యమన్నాను. డెబ్బై ఆరు గింజలైతే ఒక అణా వడ్డీ అన్నాను. అందులో వెంట్రుకవాసి తేడా ఉంది గానీ, అణా దగ్గర ఎవరూ పట్టించుకోరు.

"గంతేనా? గీ ముక్క ముందుగాలనే చెప్తే అయిపోవు గద బిడ్డా" అంది అవ్వ.

ఆ రోజు నుంచి జట్టు పదుల్లోనే వెయ్యాలి, పదుల్లోనే తియ్యాలి అని ఆమె కట్టడి చేసింది. గురువారం అంగడి ముగిశాక ఇరవయ్యో ముప్పయ్యో తెచ్చి వేసేది. శనివారం గంపలకనీ కిరాయిలకనీ కొంత తీసేది. మధ్యలో ఎవరికైనా జ్వరమొచ్చి దవాఖానకు పోవాల్సి వస్తే మళ్లీ తీసేది. ఆ ఖాతా పేజీ చూస్తే నా కళ్లు బైర్లు కమ్మేవి. ఊళ్లోని పెద్ద పెద్ద షావుకార్ల పేజీల మీద ఈగ వాలేది కాదు, వీళ్ల పేజీలో మాత్రం ఒక జాతర జరుగుతుండేది.

మూడు నెలలు నిండాయి. నేను నిలవలు కూడి, హెచ్చించి, భాగించి వడ్డీ కట్టాను. నిలవల మొత్తం పద్నాలుగు వేల నాలుగు వందల అరవై వచ్చింది. దాని మీద వడ్డీ ఒక రూపాయి మూడు అణాలు. అవ్వకు చెప్పాను. ఆమె వెళ్లిపోయి, గంటలో తిరిగొచ్చింది. ఈసారి నెత్తిన ఒక గంప, వెనక ఆమె మరదలు. ఆ మరదలు నాలుక వదిలితే రైలు పట్టాలు రెండుగా చీలేవి.

గంపలో పదమూడు గుడ్డ మూటలున్నాయి. వారానికొకటి. అన్నీ కలిపి పదిహేను వందల ఇరవై నాలుగు గింజలు. అంటే ఒక రూపాయి నాలుగు అణాలు. నా లెక్కకూ అవ్వ లెక్కకూ డెబ్బై ఎనిమిది గింజలు తేడా. ఒక అణా.

ఒక అణాకు ఇంత గోలా అని మీరు అనుకుంటే పన్నెండు మందిని మరిచిపోయారన్న మాట. నిజాం లెక్కలో అణాకు పన్నెండు పైలు, మనిషికొకటి. అవ్వ ముందే అందరికీ వడ్డీ ఇంత వస్తుందని గింజలు చూపి చెప్పి ఉంది.

"వదినె చెప్పిందొకటి, బ్యాంకు చెప్పిందొకటి" అంది మరదలు, నా వైపు కాకుండా గోడ వైపు చూస్తూ. "నడిమిట్ల అణా యాడికి పోయింది? అందరం పైసలు తీస్కుంటం, మళ్ల దళారీ తానకే పోతం. వాడు తింటే వాడు తిన్నడని తెలుస్తది."

అవ్వ ముఖం నల్లబడింది. జట్టు విడిపోతే వచ్చే ఏడాది కాయంతా మళ్లీ సగం ధరకే పోతుంది. దొంగ అన్న పేరు మాత్రం ఆమెకు మిగులుతుంది.

మా మేనేజరు సాబు మంచివాడే. లెడ్జరు మీద ఆయనకున్న భక్తి మాత్రం హద్దు లేనిది. దుమ్ము దులపడానికి కూడా నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. ఆయన గంపను కళ్లద్దాల మీంచి చూసి, లెడ్జరు సర్కారీ కాగితమనీ, గింజలు చెట్టుకు కాసినవనీ, రెండూ తగాదా పడితే ఏది గెలుస్తుందో చెప్పక్కర్లేదనీ తేల్చేశాడు.

అవ్వ బల్ల మీద కూర్చుంది.

"లెక్క కలిసేదాంక లేవ సాబూ. తప్పు నాదైతే అందరి ముందల ఒప్పుకుంట. నీదైతే నువ్వొప్పుకో."

పొద్దున పదకొండు గంటలకు కూర్చున్న మనిషి మంచినీళ్లకు కూడా లేవలేదు. బల్లకు వేర్లు పుడుతున్నాయేమోనని నేను రెండుసార్లు వంగి చూశాను. ఆమెను చూస్తుంటే నాకూ పట్టుదల వచ్చింది. నేను చెప్పిన పద్ధతితోనే ఆమె లెక్కేసింది. ఆమె తప్పితే నేను తప్పు చెప్పినట్టే. ఆమె ఒప్పయితే నేను తప్పు రాసినట్టే. ఏది నిజమైనా ఆ బల్ల మీద నేనూ కూర్చోవలసిందే. అందుకని లెడ్జరు తెచ్చుకుని ఆమె పక్కనే కూర్చున్నాను. మేనేజరు సాబు వద్దనలేదు, అయితే లెడ్జరు కింద తన రుమాలు పరిచాడు.

మొదటి మూట విప్పాం. సోమవారం నుంచి ఆదివారం దాకా ఎనభై గింజలు. నా లెడ్జరు ప్రకారం డెబ్బై నాలుగే ఉండాలి. ఆరు ఎక్కువ. ఆ వారం వాళ్లు వేసింది ముప్పై రూపాయలు. రెండో మూటలో నాలుగు ఎక్కువ, వేసింది ఇరవై. మూడో మూటలో ఎనిమిది ఎక్కువ, వేసింది నలభై. వేసిన పదులెన్నో దానికి సరిగ్గా రెట్టింపు గింజలు ప్రతి వారమూ ఎక్కువ వస్తున్నాయి. పదమూడు వారాల్లో వాళ్లు వేసింది మొత్తం మూడు వందల తొంభై. ముప్పై తొమ్మిదికి రెట్టింపు డెబ్బై ఎనిమిది.

రెట్టింపు అంటే రెండు పొద్దులు. వేసిన ప్రతి పదీ నా లెడ్జరులోకి రెండు పొద్దులు ఆలస్యంగా వచ్చింది.

"అవ్వా, బేస్తవారం నాడు గింజలు ఎన్ని వేసినవ్?" అని అంగడి గురువారం సంగతి అడిగాను.

"పైసలు నీ చేతుల పెట్టిన్నంటే గా పొద్దు లెక్కనే గద. వేసిన పైసలకు గూడ గింజలేసిన."

అప్పుడు తప్పెక్కడుందో నాకు తట్టింది. గురువారం సాయంత్రం అంగడి ముగిసేసరికి నేను లెడ్జరు కట్టేసి ఉండేవాణ్ని. ఆ వేళకు వచ్చిన డబ్బు తీసుకుని, చిట్టీ రాసి, చిట్టీని గోడకున్న తీగకు గుచ్చి, డబ్బు ఇనప్పెట్టెలో పెట్టేవాణ్ని. శుక్రవారం సెలవు. శనివారం పొద్దున చిట్టీ చూసి లెడ్జరులో శనివారం తేదీ వేసి ఎక్కించేవాణ్ని. డబ్బు రెండు పొద్దులు మా పెట్టెలో ఉండేది, లెడ్జరులో మాత్రం ఉండేది కాదు. తీసినప్పుడు మాత్రం ఆలస్యం లేదు. శనివారం తీస్తే శనివారమే తగ్గించేవాణ్ని. ఈ విషయంలో నా చురుకుదనం చూసి ఏ షావుకారైనా పిల్లనిచ్చేవాడు.

నేను ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కానీ గోడ మీద తీగ ఉంది, దానికి పదమూడు గురువారాల చిట్టీలున్నాయి, పక్కన అవ్వ ఉంది. లేచి ఆ చిట్టీలన్నీ తీసి మేనేజరు సాబు ముందు పరిచాను. తప్పు నాదని చెప్పాను.

ఆయన ఒక్కో తేదీ చదివాడు. కళ్లద్దాలు తీసి తుడిచాడు. లెడ్జరు వైపు చూశాడు, అది తనను మోసం చేసినట్టు.

"డబ్బు బేస్తవారమే మన పెట్టెల పడ్డది. పెట్టెల పడ్డ దినమే వడ్డీ మొదలు" అన్నాడు చివరికి. "అవ్వా, లెక్క నీదే సహీ."

నిలవల మొత్తం పదిహేను వేల రెండు వందల నలభైగా దిద్ది, వడ్డీ ఒక రూపాయి నాలుగు అణాలని ఎర్ర సిరాతో రాసి సంతకం పెట్టాడు. పక్కన నా సంతకం కూడా పెట్టించాడు. అంతటితో వదల్లేదు. గురువారం సాయంత్రం డబ్బు వేసిన వాళ్లందరి ఖాతాలూ మొదటి నుంచి తిరగరాయమన్నాడు. అవి అరవై రెండు. వారం రోజులు నేను కలలో కూడా కూడికలే చేశాను. మా అమ్మ నన్ను అన్నానికి పిలిస్తే ఎన్ని పొద్దులకు అని అడిగానట.

అవ్వ లేచి మరదలి వైపు తిరిగింది. మరదలు గోడను విడిచి నేల చూస్తోంది.

"అణా దొరికింది. గిప్పుడు నువ్వే పోయి తక్కిన పదిమందికి చెప్పు" అంది అవ్వ. "నేను చెప్తే నమ్మరు."

మరదలు వెళ్లి చెప్పింది. ఎలా చెప్పిందో నాకు తెలియదు. జట్టు మాత్రం చీలలేదు. తర్వాతి గురువారం అంగడి ముగియకముందే అవ్వ, డబ్బు వేయడానికి వచ్చిన పాతిక మంది మధ్యలోంచి తోసుకుంటూ వచ్చి నలభై రూపాయలు నా ముందు పెట్టింది. ఈసారి మరదలితో పాటు మిగిలిన పదిమందీ గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను అలవాటుగా చిట్టీ ముక్క తీశాను.

"చిట్టీ వద్దు" అంది అవ్వ. "బుక్కు తియ్యి. ఇయ్యాల తారీకు ఎయ్యి. నేను చూస్త."

ఆమెకు ఉర్దూ అంకెలు రావు. అయినా నేను లెడ్జరు విప్పి, గురువారం తేదీ వేసి, నలభై రాసి, సిరా ఆరేదాకా ఊదాను. పన్నెండు మందీ ఆ గీతల్ని కళ్లారా చూసుకున్నాకే అంగడికి మళ్లారు.