బేకరీ ఎదురు పూలామె

మార్కాపురంలో నా పూల దుకాణానికి పచ్చటి అక్షరాల బోర్డు ఉంది. మా ఇంటాయన నిచ్చెనెక్కి బిగించాడు. అయినా దాన్ని చదివిన పుణ్యాత్ముడు లేడు. పెళ్లికొడుకు మొహం మీదికి పూల సెహ్రా కట్టినా, గుడికి దండ పంపినా, ఊరందరికీ నేను "బేకరీ ఎదురు పూలామె"నే. పదేళ్లు ఆ పిలుపుకే పలికాను. పలికిన ప్రతిసారీ లోలోపల మండేది.

మే నెలలో మదర్స్ డే వస్తోందనగా ఎదురు బేకరీ నడిపే అన్న నా దుకాణానికి వచ్చాడు. తన కేకు, నా బొకే పక్కపక్కన పెట్టి ఫోటో తీసి, ఇన్‌స్టాగ్రామ్‌లో ఇద్దరి పేజీల్లోనూ కనిపించేలా ఒకే పోస్టు పెడదామన్నాడు. ఆఫర్ కూడా ఇద్దరం కూర్చునే అనుకున్నాం. రెండూ తీసుకున్నవాళ్లకు కేకు మీద పది శాతం, బొకే మీద పది శాతం తగ్గింపు. ముందు ఏ దుకాణానికి వచ్చినా సరే, అక్కడి బిల్లు రెండో చోట చూపిస్తే చాలు. ఆదివారం సాయంత్రం దాకా, పూలు ఉన్నంతవరకు. నాకు సంతోషమేసింది. రేకు నలగని గులాబీలు ఏరి ఫోటోకి బొకే కట్టిచ్చాను.

మర్నాడు పొద్దున ఫోన్‌లో కబురొచ్చింది. పోస్టులో భాగం కమ్మని బేకరీ పేజీ నన్ను పిలుస్తోంది, ఒప్పుకుంటే అది నా పేజీలోనూ కనిపిస్తుంది. నొక్కబోయి, కింద రాసింది చదివాను. "మా బేకరీలో కేకు కొన్నవారికి పూలపై పది శాతం తగ్గింపు!" కేకు మీద తగ్గింపు మాటే లేదు. నా దగ్గరికి ముందొచ్చినవాళ్ల ఊసే లేదు. ఫోటో మీద నా ట్యాగు లేదు. "మరిన్ని" అని నొక్కి, పన్నెండు హ్యాష్‌ట్యాగులు దాటుకుని పోతే, అట్టడుగున నా పేజీ పేరు కనిపించింది. అక్కడిదాకా ఎవడు పోతాడు?

మా ఇంటాయన ఒప్పేసుకోమన్నాడు. పుట్టినరోజుల స్టేజీ పూలకు మనల్ని చెప్పేది ఆ బేకరీయేనని, తగువు పెట్టుకుంటే ఆ గిరాకీ పోతుందని భయపడ్డాడు. ఆయన భయం అబద్ధమేమీ కాదు. అయినా ఫోన్ చేతబట్టుకుని రోడ్డు దాటాను.

బేకరీలో జనం ఉన్నారు. అన్న పఫ్‌లు కాగితంలో చుడుతున్నాడు. అనుకున్నదొకటి, రాసిందొకటి ఏమని అడిగాను. చిన్న విషయమన్నాడు. పెద్ద పేరు ముందుంటేనే జనం చూస్తారని, నా మంచికేనని నచ్చజెప్పాడు. ఎంత మంచివాడో!

"అన్నా, నీ కేకు మీద క్రీముతో నీ పేరు రాసుకుంటావు. డబ్బా మీద అచ్చు కొట్టిచ్చుకుంటావు. నా పూల మీద యాడ రాసుకోవాల నేను? ఆ మాటల్లోనే గదా నాకు చోటు."

ఆయన పఫ్‌లు చుట్టడం ఆపాడు. "పెట్టేసినాక ఏం చేస్తాంలేమ్మా. కావాలంటే నువ్వే మార్చుకో పో."

"నా ఫోన్‌లో మార్చేదానికి రాదన్నా, పెట్టినోళ్లే మార్చాల. పైన మూడు చుక్కలు నొక్కు, ఎడిట్ వస్తాది. నా చేతిలో ఉండేది ఒకటే, ఒప్పుకోకుండా ఉండేది. నువ్వు మార్చేదాకా ఒప్పుకోను."

నేను అక్కడి నుంచి కదల్లేదు. క్రీమ్ బన్ను తింటున్న ఒకాయన నమలడం మాని మమ్మల్నే చూస్తున్నాడు. అన్న చేతులు తుడుచుకుని ఫోన్ తీశాడు. మొదటి వరుసలో రెండు దుకాణాల పేజీలూ పక్కపక్కన ట్యాగు చేశాడు. రెండో వరుసలో ఆఫర్ అనుకున్నది అనుకున్నట్టు, గడువుతో సహా రాశాడు. బొకే మీద నా ట్యాగు తగిలించాడు. నేను ఒక్కో అక్షరం చదివి, అప్పుడు నొక్కాను. మొహం గంటుపెట్టుకునే ఉన్నాడు. ఉండనీ.

స్టేజీ పూల గిరాకీ పోతుందేమోనన్న దిగులు ఆదివారం దాకా వదల్లేదు. ఆ రోజు పది గంటలకు పెద్దారవీడు నుంచి ఆటోలో ఒకామె దిగింది. చేతిలో ఫోన్, ఫోన్‌లో మా పోస్టు. నా బోర్డు పైకి చూసి, అక్షరాలు కూడబలుక్కుని, నా దుకాణాన్ని పేరుతో పిలిచింది. పదేళ్లలో మొదటిసారి. నా కళ్లు తడిశాయి, సిగ్గెందుకు చెప్పడానికి. బొకే కట్టి, బిల్లు చేతికిచ్చి, కేకుకి పొమ్మని చెప్పాను.

ఆమె రోడ్డు దాటి, బేకరీ మెట్ల దగ్గర ఆగి, అన్నకు నా బిల్లు చూపించింది.

"పూల దుకాణం ఎదురు బేకరీ అంటే ఇదేనా అన్నా?"

అన్న బిల్లు చూశాడు. రోడ్డుకి ఇవతల ఉన్న నన్ను చూశాడు. నేను కడుతున్న దండ దారం తెంపకుండా అట్లాగే నిలబడ్డాను.

"ఇదేనమ్మా," అన్నాడు.