ఎండిపోయిన మొక్కలకు సున్నా

ఎమ్మెస్సీ వ్యవసాయం రెండో ఏడాదిలో నా థీసిస్‌కి ఉప్పునేలల మీద కుండీల ప్రయోగం చేశాను. వాకాడు వైపు పొలాల నుంచి మట్టి తెచ్చి, నీడలో ఆరబెట్టి, జల్లెడ పట్టి, ప్రతి కుండీలో ఒకే తూకం పోశాను. వరి నాటి, మంచినీళ్లతో ఒక వరస, క్రమంగా ఉప్పు పెంచిన నీళ్లతో మూడు వరసలు పెట్టాను. ఆ నాలుగు రకాల నీళ్లకూ మా గైడుగారు తయారుచేసిన జిప్సం, చెరకు మడ్డి మిశ్రమం వేసినవి సగం, వేయనివి సగం. అంటే ఎనిమిది ట్రీట్‌మెంట్లు. ఒక్కోదానికి నాలుగు రెప్లికేషన్లు, అంటే అదే రకం కుండీలు నాలుగేసి, మొత్తం ముప్పై రెండు కుండీలు. ఏ కుండీ ఎక్కడ ఉండాలో చీటీలు తీసి నిర్ణయించాను. షెడ్డులో ఒక మూల ఎండ ఎక్కువ కాబట్టి వారం వారం వాటి చోట్లు మార్చాను.

బాగా ఉప్పు పోసిన కుండీల్లో మొక్కలు ఆకుల కొసల నుంచి ఎండుతూ వచ్చాయి. చివరికి మిశ్రమం లేని నాలుగింటిలో రెండు చచ్చాయి. మిశ్రమం వేసిన నాలుగింటిలోనూ రెండు చచ్చాయి. నాకు దిగులు వేసింది కానీ ఆశ్చర్యం వేయలేదు. ఆ మిశ్రమం అంత ఉప్పును ఆపలేదు, అంతే. ప్రయోగం అడిగిన ప్రశ్నకు జవాబు అదే.

పద్ధతుల అధ్యాయంలో అలాగే రాశాను. చచ్చిన కుండీల దిగుబడిని సున్నాగా తీసుకున్నామని, నీటి ఉప్పుకు, మిశ్రమానికి, ఆ రెండూ కలిసి చూపే ప్రభావానికి విడివిడిగా అనోవా అనే గణాంక పద్ధతిలో పరీక్షించామని, ఎన్ని మొక్కలు బతికాయో వేరే పట్టికలో ఇచ్చామని. ఆ లెక్కలో మిశ్రమం వేసినా వేయకపోయినా తేడా రాలేదు.

గైడుగారు కాగితాలు చదివి కళ్లద్దాలు తీశారు.

"మిశ్రమం వేసిన ఆ రెండు కుండీలు మిస్సింగ్ అని రాయమ్మా. పగిలిపోయినాయని రాయి."

"పగల్లేదు సార్. మొక్కలు చచ్చిపోయినాయి."

"కుండీ పోతే ఏంది, మొక్క పోతే ఏంది? లెక్కలో లేనట్టే గదా."

"కుండీ పగిలితే మన ఖర్మ సార్. ఉప్పుకి మొక్క చస్తే అది ఫలితం. సరే, తీసేద్దామన్నా, మిశ్రమం లేని రెండు కూడా తీసేయాల గదా?"

"అవి ఉండనీ," అన్నారాయన, నావైపు చూడకుండా.

అప్పుడు అర్థమైంది. ఒక వైపు సున్నాలు ఉంచి, ఇంకో వైపు తీసేస్తే మిశ్రమం మొక్కల్ని బతికించినట్టే కనిపిస్తుంది. నేను మార్చనన్నాను. ఆయన కేకలు వేయలేదు. సంతకం మాత్రం పెట్టలేదు. నా బ్యాచ్ వాళ్లు పట్టాలు తీసుకుని ఉద్యోగాల్లో చేరారు. నేను గూడూరు నుంచి బస్సెక్కి వచ్చి ఆయన గది బయట బెంచీ మీద కూర్చునేదాన్ని. చివరికి విభాగాధిపతి కలగజేసుకుని, నేను రాసింది రాసినట్టే ఉంచి ఆయన చేత సంతకం పెట్టించారు. గెలిచాననుకున్నాను.

తర్వాత ఒక పరిశోధన పత్రికలో గైడుగారి వ్యాసం వచ్చింది. నా కుండీలే, నా తూకాలే, నా పేరు లేదు. పద్ధతుల్లో నాలుగు రెప్లికేషన్లని ఉంది. ముప్పై రెండు కుండీలకు అనోవా పట్టికలో మొత్తం డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం, అంటే లెక్కలోకి వచ్చిన కుండీల కంటే ఒకటి తక్కువ, ముప్పై ఒకటి ఉండాలి. అక్కడ ఇరవై తొమ్మిదే ఉంది. రెండు కుండీలు తీసేసిన సంగతి అంత బాహాటంగా కనిపిస్తున్నా సమీక్షకులెవరూ లెక్క చూసుకోలేదు. సంపాదకుడికి రాశాను. వ్యాసకర్తనే సంప్రదించమని జవాబొచ్చింది.

ఆ వ్యాసం చూపించి గైడుగారు రైతుల సమావేశాల్లో మిశ్రమం గురించి చెప్పడం మొదలుపెట్టారు. వాకాడు దగ్గర సముద్రపు పాయ పక్కన మా మేనమామకు ఎకరం వరి ఉంది. ఆయన ఫోన్ చేశాడు.

"మీ సారు చెప్పిన మందు తెచ్చినానమ్మా. ఉప్పు విరగ్గొడతాదంట."

"వేయొద్దు మామా. ఆ ప్రయోగం చేసింది నేనే. బాగా ఉప్పుంటే పని చెయ్యదు."

"నువ్వే చేసినావా? మరి ఆ పుస్తకంలో నీ పేరు లేదే?"

రెప్లికేషన్లు, సున్నాలు అంటూ మొదలుపెట్టాను. కాసేపు విని, "సర్లే, చదువుకున్నోళ్లలో మీకూ మీకూ ఏదో ఉంటాది," అని ఫోన్ పెట్టేశాడు.

మిశ్రమం వేశాడు. పాయలోని ఉప్పునీళ్లు పొలాల్లోకి ఎగదన్నిన ఏడు అది. పైరు పొట్ట దశకు రాకుండానే మాడింది. చూడడానికి వెళితే గట్టు మీద నిలబడి ఉన్నాడు. మా సారును ఒక్క మాట అనలేదు.

"మోతాదు చాల్లేదేమోమ్మా," అన్నాడు. "ఈసారి ఇంకొంచెం ఎక్కువేస్తా."