ఫైన్ అంటే బాగుంది కాదండీ

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బట్టల షాపు పైన మా ఆఫీసు ఉండేది. విదేశీ సీరియళ్లకు తెలుగు సబ్‌టైటిల్స్ రాయడం మా పని. సీరియల్ మాత్రం మాకు చూపించేవారు కాదు. విడుదలకు ముందే ఎక్కడ బయటికి పొక్కుతుందోనని, బొమ్మ లేకుండా మాటలు మాత్రమే పంపేవారు. ఆ మాట అన్నది ఎవరు, ఎవరితో, నవ్వుతూనా, తలుపు ధడాలున వేస్తూనా అన్నది మేమే ఊహించుకోవాలి. పొడుగాటి డైలాగులతో పేచీ లేదు, వాటిలోనే ఎంతో కొంత కథ తెలిసిపోతుంది. మా ప్రాణం తీసినవి ఒక్క మాట జవాబులే. ఫైన్, ష్యూర్, వాటెవర్.

పాత అనువాదాలను గుర్తుపెట్టుకుని తనంతట తానే ఖాళీలు నింపే సాఫ్ట్‌వేర్ ఒకటి మా దగ్గర ఉండేది. ఒక పోలీసు సీరియల్లో ఫైన్‌కు మేము 'జరిమానా' అని రాశాం. అక్కడ అది సరైన మాటే. తర్వాత వచ్చిన ఆసుపత్రి సీరియల్లో డాక్టరు "ఇప్పుడెలా ఉంది?" అని అడిగితే, మంచం మీది రోగి "జరిమానా" అన్నాడు. అది ఎవరి కంటా పడకుండా వెళ్లిపోయింది. సీరియల్ కంపెనీవాళ్లు మండిపడ్డారు.

మా మేనేజరు గారు మర్నాడే చట్టం చేశారు. ఇకనుంచి ఫైన్ అంటే 'బాగుంది', ష్యూర్ అంటే 'కచ్చితంగా', వాటెవర్ అంటే 'ఏదైనా'. ఇంకో మాట రాస్తే సాఫ్ట్‌వేర్ ఎర్రగీత గీసేలా ఏర్పాటు చేయించారు. చిన్నప్పుడు పరీక్షల్లో అర్థాలు బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్న మనిషి ఆయన. భాషంటే అదేనని ఆయన నమ్మకం.

అప్పుడే నా చేతికి మొగుడూపెళ్లాల కథ ఒకటి వచ్చింది. మొగుడు "నేను ఇల్లు వదిలి వెళ్లిపోతున్నాను" అంటాడు. ఆవిడ ఫైన్ అంటుంది. నేను లేచి ఆయన గదిలోకి వెళ్లాను.

"సార్, ఇక్కడ బాగుంది అంటే బాగోదండీ."

"ఏమ్మా, ఆ మాటకి ఆ అర్థం లేదా?"

"ఉందండీ. కానీ ఆవిడ మొగుడు వెళ్లిపోతున్నాడు కదండీ. 'నీ ఇష్టం' అని రాస్తానండీ."

"వెళ్లిపోతే ఆవిడకి బాగుందేమో. మనకెందుకు? 'బాగుంది' అని పెట్టెయ్."

పెట్టేశాను. నా ముఖం చూసి జాలేసిందో ఏమో, ఆదివారం అందరినీ భోజనానికి పిలుస్తానని, అక్కడే భార్యకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు.

"ఏమోయ్, ఆదివారం మా ఆఫీసు వాళ్లని తొమ్మిది మందిని భోజనానికి రమ్మంటున్నా."

అవతల గిన్నె ఠంగుమని పెట్టిన చప్పుడైంది. తర్వాత "మీ ఇష్టం" అని వినిపించి, ఫోన్ కట్టయింది.

"చూశావా, ఎంత సంతోషంగా ఒప్పుకుందో!" అన్నారాయన.

ఆ గొంతు నాకు బాగానే అర్థమైంది. కానీ మేనేజరు పిలిస్తే మానడం ఎలా? ఆదివారం అందరం గన్నవరంలో వాళ్లింటికి వెళ్లాం. ఆవిడ అప్పుడే చర్చి నుంచి వచ్చారు. చీరైనా మార్చుకోకుండా వంటింట్లో నిలబడ్డారు. మమ్మల్ని మాత్రం నవ్వుతూ పలకరించారు. వంటింట్లో గిన్నెలు వేరే భాష మాట్లాడాయి.

భోజనాలయ్యాక మేనేజరు గారు మా ఘనకార్యం చూపిస్తానని టీవీ పెట్టారు. ఆ మొగుడూపెళ్లాల సీరియల్ అప్పటికి విడుదలైంది. మేము కూడా మొదటిసారి బొమ్మతో చూస్తున్నాం. మొగుడు పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ కళ్లనిండా నీళ్లతో, పళ్లు బిగించి ఒక్క మాట అంది. కింద 'బాగుంది' అని పడింది.

మేనేజరు గారి భార్య ఫక్కున నవ్వారు. చేతిలో మజ్జిగ గ్లాసు తొణికింది.

"ఇదెవరు రాశారండీ? ఏడుస్తున్న మనిషి చేత బాగుంది అనిపించారు! ఆవిడ అన్నది 'నీ ఇష్టం' అని కదా. మొన్న ఫోన్లో నేను మీతో అన్నట్టు."

మేనేజరు గారు తెల్లబోయారు. "అంటే... నువ్వు ఒప్పుకోలేదా?"

"నేనెప్పుడు ఒప్పుకున్నానండీ?"

పాపం, ఆయన మావైపు చూశారు. మేమంతా కిళ్లీల పళ్లెం వైపు చూశాం. నవ్వు ఆపుకోలేక నాకు పొలమారింది. ఆవిడే నీళ్లిచ్చి, "నా కోపం మీమీద కాదమ్మా, ఇంకాస్త తినండి" అని గిన్నెలో మిగిలిన పాయసం నాకు వేశారు.

సోమవారం మేనేజరు గారు చట్టం ఎత్తేశారు. సీరియల్ కంపెనీతో పోట్లాడి, మసకగానైనా సరే, బొమ్మ తెప్పించారు. ముఖాలు కనిపించాక పని తేలికైంది. అదే ష్యూర్‌ను పిల్లాడు తల్లితో అంటే 'అలాగే' అని, అబద్ధం పట్టేసిన పెళ్లాం మొగుడితో అంటే 'ఆహా, నమ్మేశాను' అని రాశాం. అల్లరి కూతురి వాటెవర్ 'సర్లే' అయింది. ఎవరు ఎవరిని 'నువ్వు' అనాలో, 'మీరు' అనాలో కూడా అప్పుడే తెలిసింది.

ఎర్రగీత మాత్రం పోలేదు. ఒకే మాటను రెండు రకాలుగా రాసిన ప్రతిచోటా ఎందుకలా రాశామో పక్కన కారణం రాయాలని కంపెనీవాళ్లు పట్టుబట్టారు. అందుకని ఇప్పుడు నా ఉద్యోగంలో సగం, ఆ కంపెనీలో ఎక్కడో ఉన్న ఒక పెద్దమనిషికి 'ఇక్కడ భార్యకు కోపం వచ్చింది', 'ఇక్కడా వచ్చింది', 'ఇక్కడ నిజంగానే రాలేదు' అని విన్నవించుకోవడంతోనే గడిచిపోతోంది.