మూడు వేళ్లు మిగిలాయి

మామిడి కోతలు మొదలైన వారం, తోటలో కాయలు కోసే ఒకావిడ ఇరవై రెండు నెలల కూతురితో మా అంగన్‌వాడీకి వచ్చింది. వెంట విజయవాడలో ఉంటున్న అక్క, ఆవిడ కూతురు. పిల్లలిద్దరూ ఒకే నెలలో పుట్టారు. కొలిస్తే పట్నం పిల్ల నాలుగు వేళ్లు పొడుగు.

"మీ ఊళ్లో కాయలే పెరుగుతాయేంటి, పిల్లలు పెరగరా?" అంది అక్క.

"నువ్వూరుకో అక్కా. టీచర్ గారూ, దీన్ని అక్క దగ్గరే ఉంచేద్దామనుకుంటున్నానండీ. అక్కడి నీళ్లు పడితే పొడుగవుద్ది."

నూజివీడు గ్రంథాలయంలో పిల్లల పెరుగుదల మీద దొరికినవన్నీ చదివినదాన్ని. ఊరుకోగలనా?

"పట్నంలో ఉన్నంత మాత్రాన పొడుగవరమ్మా. అక్కడి మురికివాడల పిల్లలూ పొట్టిగానే ఉంటారు. తిండి, నీళ్లు, మరుగుదొడ్డి, తల్లి చదువు, కడుపుతో ఉన్నప్పటి విశ్రాంతి సమానమైతే తేడా చాలావరకు తగ్గిపోతుంది. వెనకబడేది ఎక్కువగా రెండేళ్లలోపే."

చివరి మాట అనకుండా ఉండాల్సింది.

"అయితే ఇంక రెండు నెలలేనా?" అని ఆవిడ లేచింది. అక్క ఆ సాయంత్రమే వెళ్లిపోతుందని, మర్నాడే తను పిల్లని తీసుకెళ్లి దింపేస్తానని అంది.

ఇంటికొచ్చినా మనసు కుదురుగా లేదు. రిజిస్టరు మళ్లీ తెరిచాను. పగలు అంగన్‌వాడీలో అక్క కూతురు నిద్రపోతుంటే, ఎత్తు కొలిచే చెక్కమీద పడుకోబెట్టి కొలిచాను. చెల్లెలి పిల్ల ఏడ్చిందని నిలబెట్టి కొలిచేశాను. రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టే కొలవాలి. నిలబెడితే అర సెంటీమీటరుకు పైగా తగ్గుతుంది. ఇన్ని పుస్తకాలు చదివి చేసిన పని ఇదీ!

తెల్లవారగానే చెక్క చంకన పెట్టుకుని తోటకి పరుగెత్తాను. అప్పటికే సంచి సర్దేసి ఉంది. పిల్ల డ్రమ్ములో గ్లాసు ముంచుకుని నీళ్లు తాగుతోంది. అదే గ్లాసుతో కూలీలందరూ తాగుతున్నారు.

"విరేచనాలు అవుతుంటాయా?"

"కోతలప్పుడు అవుతూనే ఉంటాయిగా. పళ్లొస్తున్నాయనుకున్నా."

నిన్న నీళ్ల గురించి నేనే చెప్పాను. కానీ ఆవిడ పిల్ల ఏ నీళ్లు తాగుతోందో అడగలేదు. మాటిమాటికీ విరేచనాలవుతుంటే తిన్నది ఒంటికి పట్టదు, ఆకలి పుట్టదు, ఎత్తూ ఆగిపోతుంది.

ఆవిడ పిల్ల తల కదలకుండా పట్టుకుంటే పడుకోబెట్టి కొలిచాను. తేడా ఒక వేలు కూడా తగ్గలేదు. ఉదారంగా లెక్కేసినా మూడు వేళ్లు మిగిలాయి. నా తప్పు చెప్పాను. "రెండేళ్లు దాటితే ఇంతే అనుకోకు. తర్వాతా కొంత కోలుకుంటారు" అని కూడా చెప్పాను.

"అక్కడ మంచి నీళ్లుంటాయిగా, టీచర్ గారూ?"

"ఉంటాయి. పాలు మానేసిందా?"

"లేదండీ. నా దగ్గరే తాగుతుంది."

"అక్కడ అవి ఉండవు."

ఆవిడ డ్రమ్ము వైపు చూసింది. సంచి విప్పి, ప్రయాణానికి పెట్టుకున్న కాచిన నీళ్ల సీసా తీసి, పిల్ల చేతిలో గ్లాసు లాక్కుంది.

"అక్కకి ఫోన్ చేసి చెప్తాను, ఇప్పుడు పంపనని. రోజూ కాచి తెస్తా. మళ్లీ ఎప్పుడు కొలుస్తారు?"

వచ్చే నెల అన్నాను. నాకు మాత్రం రేపే కొలవాలనిపించింది.