పెద్ద డాక్టరు చేతులు వెనక్కి పెట్టుకున్న రోజు

మదనపల్లెలో నేను పనిచేసే ఆసుపత్రి చిన్నది, నా అనుమానం పెద్దది. కొత్తగా చేరే డాక్టర్ల కాగితాలు చూసేది నేనే. ఫ్రేము కట్టిన సర్టిఫికెట్టును నేను నమ్మను. మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైటులో రిజిస్ట్రేషన్ నంబరు కొడతాను. పేరు దొరికినా ఆగను. రెన్యువల్ ఎప్పటిదాకా ఉంది, సస్పెన్షన్ ఏమైనా ఉందా అని కౌన్సిల్ ఆఫీసుకు రాసి జవాబు తెప్పిస్తాను. పెళ్ళిచూపుల్లో కూడా ఆధార్ అడిగే రకమని నర్సమ్మలు నన్ను ఆటపట్టించేవారు.

అలాంటి నా బల్ల మీదికి పెద్ద డాక్టరుగారి ఫైలు వచ్చింది. కుప్పంలో, పుంగనూరులో సర్కారు ఆసుపత్రుల్లో చేసి రిటైరైన మనిషి. ఇంట్లో తోచక మా దగ్గర చేరతానన్నారు. పుంగనూరులో చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ వస్తే బతికించింది ఆయనే.

"ఆయన్ది కూడా సూస్తావా? నిన్ను బతికించిన చెయ్యప్పా అది" అన్నాడు మా యజమాని.

"చూస్తాను సార్" అన్నాను మొండిగా.

ఆయన చేరాల్సిన రోజు పొద్దునే జవాబు వచ్చింది. సస్పెన్షన్ లేదు, ఏ మచ్చా లేదు. కానీ ఐదేళ్ళకోసారి చేయించుకోవాల్సిన రెన్యువల్ గడువు దాటిపోయింది. రిటైరైన సంబరంలో ఆయన మరిచిపోయారు. బయట చూస్తే ఆయన హస్తవాసి కోసం వచ్చిన జనంతో బెంచీలు నిండిపోయి ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. చేతులు వణుకుతుండగా వెళ్ళి కాగితం ఆయనకిచ్చాను.

చదివి పకపకా నవ్వారు. స్టెతస్కోపు తీసి నా బల్ల మీద పెట్టి, జనం మధ్యన బెంచీ మీద కూర్చున్నారు. సదుం నుంచి వచ్చిన ముసలమ్మ ఒకామె చెయ్యి చాపింది.

"నాడి సూడు సామీ."

ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు. "ఈరోజు కుదర్దమ్మా. నా కాగితం తీరిపోయిండాది. లోపల ఇంకో డాక్టరుండాడు, పో."

అంతమంది మధ్య ఆ మాట ఆయనతో అనిపించినందుకు ఆ పూట నాకు అన్నం సయించలేదు.

తర్వాత ఆయన పిల్ల డాక్టర్లతో కలిసి క్లాసులకు కూర్చున్నారు, రెన్యువల్‌కు కావాల్సిన క్రెడిట్ పాయింట్లు తెచ్చుకున్నారు, రెన్యువల్ చేయించుకున్నారు. ఒకరోజు నా బల్ల ముందు నిలబడి, "సూడప్పా, ఇప్పుడు చెల్లుతుందా?" అని అడిగారు. మళ్ళీ కౌన్సిల్‌కు రాశాను. చెల్లుతుందని జవాబు వచ్చాకే చేరారు.

మొదటిరోజు బెంచీలు మళ్ళీ నిండాయి. ముసలమ్మ కూడా వచ్చింది. ఆయన గది తలుపు తీసి నావైపు వేలు చూపించారు.

"ముందు నువ్వు రా."

"నాకేం లేదు సార్."

"ఆరోజు కాగితమిచ్చేటప్పుడే నీ చేతులు, నీ మొగం సూసినా. బీపీ ఉంటుందనుకున్యా. నేను సూడకూడదు గదా, ఇంకో డాక్టరుకు సూపించుకోమన్యా. నువ్వు ఇన్యావా?"

అప్పుడు ఆయన తమాషాకన్నారనుకుని నేను వినలేదు. ఆయన పట్టీ చుట్టి గాలి కొట్టారు, అంకె చూసి నవ్వడం మానేశారు. ఆరోజు నుంచి నేను పొద్దునే మాత్ర వేసుకుంటున్నాను, ఆయన సంతకం చేసిన చీటీతో. సంతకం కింద ఆయన రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉంటుంది.