దించడం జరిగింది

అతనంటే నాకు మొదట్నుంచీ పడదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే తర్వాత నేను చేసిందంతా మంచితనం కొద్దీ చేశాననుకుంటారు.

నాయుడుపేట దగ్గర హైవే పక్కనున్న రొయ్యల ప్లాంటులో నాది ఆఫీసు ఉద్యోగం. గోడల మీద అంటించే తెలుగు నోటీసులన్నీ నావే. ‘గాజులు, ఉంగరాలు ధరించి లోపలికి ప్రవేశించరాదు’ అని ఎక్కడైనా కనిపిస్తే అది నా రచన. అతను రిసీవింగ్ సూపర్‌వైజరు. చెరువుల నుంచి లారీల్లో వచ్చే రొయ్యల బాక్సులు దింపించుకునేవాడు. జువ్వలదిన్నె మనిషి. నడుం పోయి సముద్రం మానేసి ఒడ్డున పనికి వచ్చాడు. గొంతు మాత్రం ఇంకా పడవలోనే ఉన్నట్టుండేది. ‘నోటీసులమ్మా’ అని నన్ను పిలిచి పదిమందినీ నవ్వించడం అతనికి సరదా. నాకు ఒళ్ళు మండేది.

ఆ రోజు ఒక లారీలో ఐసు సగం కరిగిపోయి వచ్చింది. రొయ్య లోపలి వేడి నాలుగు డిగ్రీలు దాటకూడదు. లాబ్ ఇన్‌చార్జి వచ్చి థర్మామీటరు గుచ్చి చూసి సరేననేదాకా బాక్సు కదలకూడదు. ఆమె వచ్చేలోపే ఇతను దింపించేశాడు. అది చాలక వేరే చెరువు సరుకుతో కలిపేశాడు. ఏ రొయ్య ఏ చెరువుదో చెప్పలేకపోతే మా వ్యాపారంలో అంతకంటే పెద్ద తప్పు లేదు. ఆమె మొత్తం సరుకు పక్కన పెట్టించింది. అప్పుడు లారీవాళ్ళందరి ముందూ అతను అన్న మాట ఇది: “వరి కుప్పల మధ్యన పెరిగినదానివి, నీకు రొయ్య సంగతేం తెలుసు? పోయి గాజు గొట్టాలు కడుక్కో పో.”

ఆమెది దొరవారిసత్రం వైపు రైతుల కుటుంబం. అతని కంటే చిన్నది, అయినా ఏళ్ళ తరబడి అతను ఆమెను ‘అక్కా’ అనే పిలిచేవాడు, ఆమె ‘అన్నా’ అనేది. ఆ రోజు ఆమె నేరుగా మేనేజరు గదికి వచ్చి ఫిర్యాదు రాసిచ్చింది. సరుకు సంగతి రికార్డులోకి ఎక్కింది, దాన్నెవరూ చెరపలేరు. మిగిలింది మాట సంగతి. అది హెడ్డాఫీసుకు వెళ్తే అతని ఉద్యోగం ఊడుతుంది. ఆ నడుంతో మళ్ళీ పడవెక్కలేడు. అందరికీ తెలుసు, అతనికి ఇంకా బాగా తెలుసు.

“సూపర్‌వైజర్ల గ్రూపులో సారీ చెప్పమన్నాను. చెప్తే ఆమె వెనక్కి తీసుకుంటానంది,” అన్నాడు మేనేజరు మర్నాడు పొద్దున. “వీడేం రాశాడో చూడు. ఇదేం భాషమ్మా? కాస్త పాలిష్ చెయ్యి.”

అతను తనకు పంపిన మెసేజీని మేనేజరు నాకు ఫార్వర్డ్ చేశాడు. అది ఇలా ఉంది:

‘అక్కా తప్పు నాదే ఐసు కరిగిందని తెలిసే దించినా నువ్వొస్తే ఎనక్కి పంపిస్తావని బయపడి దించినా ఆ కోపం నీమీద చూపించినా లారీవోళ్ళ ముందర అనకూడని మాటన్నా ఇంక నువ్వు చూసి చెప్పేదాకా ఒక్క బాక్సు కూడా దించను’

చుక్క లేదు, కామా లేదు. నాకు నవ్వొచ్చింది. దొరికాడు అనిపించింది కూడా. ఫోనులో ఉన్న ఏఐకి ఆ ముక్క ఇచ్చి, మర్యాదగా, పద్ధతిగా తిరగరాయమన్నాను. క్షణంలో వచ్చింది:

‘గౌరవనీయులైన లాబ్ ఇన్‌చార్జి గారికి, నిన్న జరిగిన సంఘటన పట్ల హృదయపూర్వక క్షమాపణలు తెలియజేసుకుంటున్నాను. నిర్దేశిత ఉష్ణోగ్రతకు అనుగుణంగా లేని సరుకును దించడం జరిగింది. ఆ సందర్భంలో నా మాటలు మీ మనోభావాలను గాయపరిచి ఉంటే చింతిస్తున్నాను. ఇకపై ఇటువంటివి పునరావృతం కాకుండా తగు జాగ్రత్తలు తీసుకుంటానని హామీ ఇస్తున్నాను.’

రెండుసార్లు చదివాను. ఎక్కడా తప్పు కనిపించలేదు. బాగుందనే అనిపించింది, నిజం చెప్తున్నాను. మేనేజరు ‘సూపర్’ అన్నాడు. అతనికి పంపితే, “ఇది నేనేనా?” అని ఒక్క మాట అడిగి, మేనేజరు చెప్పాడు కాబట్టి గ్రూపులో పెట్టేశాడు.

అయిదు నిమిషాల తర్వాత ఐసు ప్లాంటు ఇన్‌చార్జి రాశాడు: ‘అన్నా, నీ ఫోను ఎవురన్నా కొట్టేసినారా?’ దాని కింద నవ్వే బొమ్మలు వరసకట్టాయి. ప్యాకింగ్ ఆయన ‘మనోభావాలు అంట, అన్నకి మనోభావాలు’ అని పెట్టాడు. ఇంకొకరు ‘ఏ బ్యాంకు నుంచి సార్ మెసేజు’ అన్నారు. మూడేళ్ళుగా రోజూ అతని తిట్లు వింటున్నవాళ్ళు. ఆ నాలుగు వాక్యాల్లో అతని ఊపిరి ఒక్కటి కూడా లేదని వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నం ఆమె నా టేబుల్ దగ్గరికి వచ్చింది. కూర్చోలేదు.

“నువ్వే గదా రాసింది?”

“భాష సరిచేశానంతే అక్కా.”

“భాషా? గాయపరిచి ‘ఉంటే’ అంట. ఉంటే ఏంది? లారీవోళ్ళందరూ విన్నారు గదా. ‘దించడం జరిగింది’ అంట. ఎవురు దించినారు? దెయ్యం దించిందా?” గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. “అన్నిటికన్నా ఆ ‘గారు’ చూడు. ఇన్నేళ్ళు అక్కా అన్నోడు ఈరోజు గారు అన్నాడంటే నాకేమని అర్థం? నీకూ నాకూ ఇంక ఏమీ లేదు పో అని. అంత తిట్టినా నాకు ఇంత బాధ కాలా. ఫిర్యాదు సాయంత్రం పంపించేయమంటున్నా.”

ఆమె వెళ్ళాక ఆ మెసేజీ మళ్ళీ తీసి చదివాను. మాది నెల్లూరే కదా, కొట్లాట తర్వాత ‘గారు’ అంటే ఏమిటో నాకు తెలియదా? తెలుసు. కానీ పొద్దున చదివేటప్పుడు నేను ఆమె చెవితో వినలేదు. నా నోటీసుల చెవితో విన్నాను.

తప్పు దిద్దుదామని మళ్ళీ ఏఐ దగ్గరికే పోయాను, బుద్ధి ఉన్న ఆడదాన్ని. ఈసారి నెల్లూరు యాసలో, సహజంగా రాయమన్నాను. మూడు జిల్లాల యాసలు కలిపి, మధ్యమధ్యలో ‘ఏందబ్బా’లు చల్లి ఇచ్చింది. పులుసు చెడిందని పైన కారం గుమ్మరించినట్టుంది. అతను కోపంలో కూడా ఆడవాళ్ళను ‘అబ్బా’ అనడు. ఎంత తిట్టుకున్నా, ఆ ఒక్క సంగతి నాకు తెలుసు.

అప్పుడు గ్రూపులో అతని పాత మెసేజీలన్నీ పైకి జరుపుకుంటూ చదివాను. ‘అక్కా లారీ వచ్చింది.’ ‘అక్కా రెండు బాక్సులు అనుమానం చూడు.’ ‘దించినా.’ ‘కడిగించినా.’ తను చేసిన ప్రతి పనికీ, నేనే చేశాను అని చెప్పే ఆ ‘నా’ తగిలించే మనిషి. నేను పంపిన మెసేజీలో తప్పు సంగతి చెప్పే ఒక్క క్రియ కూడా అతని నెత్తిన పడలేదు. పాలిష్ పేరుతో తప్పుని అతని చేతుల్లోంచి లాగేశాను. ఒప్పుకోవడానికి వచ్చినవాడిని తప్పించుకునేవాడిలా నిలబెట్టాను.

అయినా నా చెవిని నేను నమ్మలేదు. మూడు రాతలూ పట్టుకుని ఐసు ప్లాంటుకు పోయాను. ఏది ఎవరిదో చెప్పకుండా చదివి వినిపించాను. గ్రూపులో పెట్టినదానికి ఇన్‌చార్జి చెయ్యి ఊపి ఆపేశాడు. యాసదానికి, “ఇదేదో నాటకం” అన్నాడు. సూపర్‌వైజరు తన చేత్తో రాసింది సగం చదివేసరికి ఇన్‌చార్జి ముఖంలో నవ్వు పోయింది.

“ఇది అన్నది. ‘బయపడి దించినా’ అని ఇంకోడు రాయడు. ఇది ఉండగా అదెందుకు పెట్టినారమ్మా?”

సాయంత్రానికి ముందు రిసీవింగ్ గట్టు మీదికి పోయాను. అతను గమ్‌బూట్లు కడుక్కుంటున్నాడు.

“నీ మెసేజే పెట్టు, నువ్వు మొదట రాసిందే,” అన్నాను.

“ఇప్పుడు పెడితే అక్క నమ్ముద్దా? అది కూడా నువ్వే తయారు చేసినావనుకుంటది. నా మాట నా దగ్గరే ఉండాది గదా, దాన్ని నువ్వు దొంగమాట చేసినావు, నోటీసులమ్మా.” ఈసారి ఎవరూ నవ్వలేదు. అక్కడ ఎవరూ లేరు కూడా.

అతను చెప్పింది నిజం. గ్రూపులో పెట్టాడు, ఆమె చూసింది, జవాబివ్వలేదు. లాబ్‌కి పోయి నా ఫోను ఆమె ముందు పెట్టాను. మేనేజరు పొద్దున ఫార్వర్డ్ చేసింది, దాని పక్కన టైము, ఆ తర్వాత నేను ఏఐకి ఇచ్చింది, అది తిరిగి ఇచ్చింది. అన్నీ ఒకదాని కింద ఒకటి. ఆమె గ్లౌజులు తీసి నిదానంగా చదివింది. ‘తెలిసే దించినా’ దగ్గర చాలాసేపు ఆగింది.

“ఇంత మంచి మాటని చెరిపినావు. ఎందుకు?”

“బాగుండాలని.”

“ఎవురికి?”

మేనేజరుకి అని నోటిదాకా వచ్చింది. అది కూడా పూర్తి నిజం కాదు. నన్ను వెక్కిరించే నోరు నా భాషలో మాట్లాడుతుంటే చూడాలని నాకే ఉండింది. ఆ మాట పైకి అనలేదు. సిగ్గుపడ్డాను, కానీ అనలేదు.

ఆమె ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. రిసీవింగ్‌లోకి ఫోన్ చేసి, “అన్నా, రేపు ఆరింటికి లారీ ఉండాది, నేనొచ్చేదాకా ఆపు,” అంది. అంతే. వాళ్ళిద్దరికీ అది చాలింది. నాకు చాలలేదు. ఇద్దరికీ నేను కూడా సారీ చెప్పాలి కదా. ఆఫీసుకొచ్చి గ్రూపులో రాశాను. ఏఐని ముట్టుకోలేదు, ఎవరినీ అడగలేదు. నా చేత్తో, నా బుర్రతో, పావుగంట ఆలోచించి రాశాను: ‘నా వల్ల పొరపాటు దొర్లినందుకు మన్నించగలరు.’

నిమిషంలో ఆమె ఫోన్ చేసింది.

“ఇది మిషన్ దగ్గర రాయించినావా?”

“లేదక్కా, ఒట్టు. నేనే రాశాను.”

ఫోనులో వెనక గొట్టాలు కడుగుతున్న నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

“దొర్లింది అంట,” అంది చివరికి. “అదే దొర్లుకుంటా వచ్చిందా? మిషన్ రాసుంటే నయం తల్లీ, దాన్నన్నా మార్చుకోవచ్చు.”